పాత భవనాల విద్యుత్ వైరింగ్‌లో అల్యూమినియం–రాగి అతుకులు: స్పర్శ నిరోధం, వేడి స్థానాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాత భవనాల్లోని అల్యూమినియం వైరింగ్ ప్రమాదకరమన్న అభిప్రాయం సర్వత్రా వినిపిస్తుంది. అయితే ప్రమాదం తీగలో ఉందా, తీగ కలిసే చోట ఉందా అన్న ప్రశ్నను విడదీసి చూడటం అరుదు. అల్యూమినియం తీగ ఇత్తడి టెర్మినల్‌తో గాని, రాగి తీగతో గాని కలిసే అతుకులో స్పర్శ నిరోధం క్రమంగా ఎలా పెరుగుతుందో, అది ఎంత వేడిని పుట్టిస్తుందో, ఫ్యూజులు, ఎంసీబీలు దానిని ఎందుకు గుర్తించలేవో ఒక గీజర్ సర్క్యూట్ ఉదాహరణతో ఈ వ్యాసం వివరిస్తుంది. గుర్తింపు పద్ధతులను, మరమ్మతు మార్గాలను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: అల్యూమినియం వైరింగ్, స్పర్శ నిరోధం, వదులు అతుకు, వేడి స్థానం, థర్మల్ కెమెరా.

1. ప్రస్తావన

గోడ వెంబడి చెక్క పట్టీ, దానిమీద వరుసగా రేకు క్లిప్పులు, వాటి నడుమ నలుపు లేదా బూడిద రంగు తీగలు, చివర చెక్కపెట్టె మీద గుండ్రని నల్లటి బేకలైట్ స్విచ్చులు. బ్యాటెన్ వైరింగ్ అని పిలిచే ఈ అమరిక నేటికీ ఎన్నో పాత ఇళ్లలో, కళాశాల భవనాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తూనే ఉంది. ఈ తీగల్లో చాలా భాగం అల్యూమినియంవి. బాక్సైట్ నిల్వలు సమృద్ధిగా ఉండి రాగికి దిగుమతులపై ఆధారపడవలసి వచ్చిన దేశంలో అల్యూమినియం వైపు మొగ్గడం సహజమే. పాతతరం ఎలక్ట్రీషియన్లు 1/1.40, 1/1.80 అని చెప్పే తీగలు ఇవే. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండవది మిల్లీమీటర్లలో పోగు వ్యాసం. 1/1.80 అంటే 1.8 మిల్లీమీటర్ల ఒంటి పోగు, అనగా సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ.

ఆ తీగలు వేసిన నాటికి ఒక గదిలో ఉండే విద్యుత్ పరికరాలు రెండు బల్బులు, ఒక ఫ్యాను. నేడు అదే తీగకు గీజరు, ఎయిర్ కండిషనర్, ప్రొజెక్టర్ తగిలిస్తున్నారు. కొత్త పరికరం కోసం కొంత మేర రాగి తీగ లాగి, పాత అల్యూమినియం తీగ చివరకు మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేయడం పరిపాటి అయింది. ఈ పరిశీలన ప్రధానంగా ఆ టేపు కింద ఏం జరుగుతుందన్న దాని గురించే.

2. తీగ నిర్దోషి

అల్యూమినియం చెడ్డ వాహకం కాదు. 20 డిగ్రీల వద్ద రాగి విశిష్ట నిరోధం 0.0172 మైక్రోఓమ్-మీటర్ ఉంటే, అల్యూమినియంది 0.0282. అంటే అదే మందం గల అల్యూమినియం తీగకు సుమారు 1.64 రెట్లు నిరోధం. కానీ అల్యూమినియం సాంద్రత రాగి సాంద్రతలో మూడో వంతు కన్నా తక్కువ. సమాన నిరోధం కోసం తీగను లావు చేసినప్పటికీ, బరువు రాగి బరువులో సగమే అవుతుంది. ఊళ్ల మీదుగా సాగే విద్యుత్ లైన్లన్నీ అల్యూమినియం ఆధారంగానే ఉండటానికి కారణం ఇదే. తగిన మందంతో, తగిన లగ్గులతో బిగించిన పెద్ద అల్యూమినియం కేబుళ్లు దశాబ్దాలుగా నిశ్చింతగా పనిచేస్తున్నాయి.

ఇంటి తీగ విషయంలోనూ లెక్క ఇదే చెబుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ మీటరు పొడవుకు నిరోధం సుమారు 11.3 మిల్లీఓమ్‌లు. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల వద్ద తీసుకునే ప్రవాహం 8.7 ఆంపియర్లు. P = I²R ప్రకారం మీటరు తీగలో పుట్టే వేడి 0.85 వాట్లు. ఒక మీటరు పొడవునా పరచుకున్న ఈ వేడి చేతికి కూడా సరిగా తెలియదు. కనుక పాత అల్యూమినియం తీగను చూడగానే తీగంతా మార్చాలనే నిర్ణయానికి తీగ లక్షణాలు కారణం కాజాలవు. కారణం వేరే చోట ఉంది.

3. అతుకులో నిజంగా తాకేది ఎంత?

రెండు లోహాలను ఎంత గట్టిగా నొక్కినా వాటి ఉపరితలాలు పూర్తిగా ఒకదానినొకటి తాకవు. కంటికి నునుపుగా కనిపించే లోహం సూక్ష్మస్థాయిలో కొండలు, లోయలతో నిండి ఉంటుంది. కొండ శిఖరాలు మాత్రమే కలుసుకుంటాయి. విద్యుత్ ప్రవాహమంతా ఆ కొద్దిపాటి చుక్కల గుండా ఇరుక్కుని పోవలసిందే. విద్యుత్ స్పర్శల శాస్త్రానికి పునాది వేసిన రాగ్నార్ హోల్మ్ ఈ ఇరుకుదనాన్ని లెక్కలోకి తెచ్చాడు. ఒకే చుక్క ఉండి దాని వ్యాసార్ధం a అయితే, ఆ చోట నిరోధం R = ρ/(2a). చుక్క సగానికి తగ్గితే నిరోధం రెట్టింపవుతుంది.

అల్యూమినియం విషయంలో ఈ చుక్కలకు అడ్డుపడేది దాని ఆక్సైడ్ పొర. గాలి తగిలిన క్షణంలోనే అల్యూమినియం మీద రెండు, మూడు నానోమీటర్ల మందం గల పొర ఏర్పడుతుంది. ఈ పొరే లోహాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. అదే పొర విద్యుత్‌కు బంధకం, పైగా రాయిలా గట్టిది. లోహం 660 డిగ్రీల వద్ద కరిగితే దాని ఆక్సైడ్ 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. రాగి ఆక్సైడ్ కూడా మంచి వాహకం కాదు, కానీ అది బలహీనమైనది. స్క్రూ బిగించే ఒత్తిడికే చిట్లిపోయి లోపలి లోహాన్ని తాకనిస్తుంది. రాగి మన తప్పులను క్షమిస్తుంది, అల్యూమినియం క్షమించదు అని ఎలక్ట్రీషియన్లు అనుభవంతో అనే మాటకు మూలం ఇక్కడే ఉంది.

బిగించిన రోజున అతుకు బాగానే ఉంటుంది. స్క్రూ ఒత్తిడికి ఆక్సైడ్ పగిలి, లోహం లోహాన్ని తాకుతుంది. తర్వాత వచ్చే మార్పులు నెమ్మదైనవి. వాటిలో మొదటిది క్రీప్. ఇంటి వైరింగుకు వాడిన పాతతరం స్వచ్ఛ అల్యూమినియం మెత్తని లోహం. నిరంతర ఒత్తిడి కింద అది మైనంలా మెల్లగా పక్కకు జరుగుతుంది. స్క్రూ కదలకపోయినా దాని కింద లోహం పల్చబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. వదులైంది కదా అని మళ్లీ మళ్లీ బిగించడం ఉపాయమనిపిస్తుంది గాని, ప్రతి బిగింపూ అప్పటికే పల్చబడిన తీగను మరింత నలిపి చివరకు తెంపే స్థితికి తెస్తుంది.

రెండవది ఉష్ణ వ్యాకోచం. అల్యూమినియం వ్యాకోచ గుణకం డిగ్రీకి 23×10⁻⁶, ఇత్తడిది సుమారు 19×10⁻⁶, రాగిది 17×10⁻⁶, స్టీలుది 12×10⁻⁶. 1.8 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగను స్టీలు స్క్రూ కింద బిగించి 60 డిగ్రీలు వేడెక్కనిస్తే, రెండింటి వ్యాకోచాల మధ్య తేడా సుమారు 1.2 మైక్రోమీటర్లు. చూడటానికి ఇది లెక్కలోకి రానంత చిన్నది. కానీ ఆక్సైడ్ పొర మందంతో పోల్చితే ఇది వందల రెట్లు. వేడెక్కినప్పుడు స్క్రూ కింద నలిగిన తీగ చల్లారినప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోకి గాలి చొరబడి, కొత్తగా బయటపడిన లోహం మీద వెంటనే ఆక్సైడ్ కడుతుంది. తాకే చుక్కల్లో కొన్ని అలా మూసుకుపోతాయి. మిగిలిన చుక్కలు అదే ప్రవాహాన్ని మోయాలి కనుక మరింత వేడెక్కుతాయి, మరుసటి వ్యాకోచం మరింత పెద్దదవుతుంది. ఇది తనను తాను పెంచుకునే చక్రం.

రాగి, అల్యూమినియం నేరుగా కలిసిన చోట మూడో సమస్య తోడవుతుంది. ప్రమాణ విద్యుద్ధ్రువ పొటెన్షియళ్ల పట్టికలో రాగి +0.34 వోల్టుల వద్ద, అల్యూమినియం −1.66 వోల్టుల వద్ద ఉంటాయి. ఆక్సైడ్ పొర వల్ల వాస్తవంలో ఈ అంతరం తగ్గినా, తేమ చేరితే అతుకు చిన్న విద్యుత్ ఘటంగా మారి అల్యూమినియం తరిగిపోతుంది. స్నానాల గది పక్క గోడ, వానకాలంలో చెమ్మగిల్లే పైకప్పు అంచు ఈ క్షయానికి అనువైన చోట్లు. గీజరు ఎక్కడ ఉంటుందో గుర్తుచేయనక్కర్లేదు.

4. ఒక గీజర్ సర్క్యూట్

1970ల నాటి రెండంతస్తుల ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. పై అంతస్తు స్నానాల గదిలో కొత్తగా 2 కిలోవాట్ల గీజరు పెట్టారు. పాత 1/1.80 అల్యూమినియం తీగ వసారా వరకే ఉంది. అక్కడి నుంచి గది లోపలికి రాగి తీగ లాగి, రెండింటినీ మెలిపెట్టి టేపు చుట్టారు. బోర్డులో పాత ఫ్యూజు తీసి 16 ఆంపియర్ల ఎంసీబీ అమర్చారు. యజమాని దృష్టిలో ఇల్లు ఇప్పుడు మునుపటి కంటే భద్రమైనది.

తొలిరోజుల్లో మెలి గట్టిగా ఉంది, అతుకు నిరోధం 1 మిల్లీఓమ్ అనుకుందాం. 8.7 ఆంపియర్ల వద్ద పుట్టే వేడి 0.08 వాట్లు. టేపు చుట్టిన చిన్న అతుకు తన ఉపరితలం ద్వారా, రెండు వైపులా సాగే తీగల ద్వారా నిశ్చలమైన గాలిలో ప్రతి డిగ్రీ పెరుగుదలకు సుమారు 25 మిల్లీవాట్ల వేడిని వదిలించుకోగలదని స్థూలంగా అంచనా కట్టవచ్చు. ఆ లెక్కన అతుకు పరిసరాల కంటే మూడు డిగ్రీలే వేడెక్కుతుంది.

ప్రతి ఉదయం గీజరు అరగంట నడుస్తుంది, ఆపై చల్లారుతుంది. ఏడాదికి కొన్ని వందల వ్యాకోచ సంకోచాలు. క్రమంగా నిరోధం 20 మిల్లీఓమ్‌లకు చేరిందనుకుంటే, వేడి 1.5 వాట్లు అవుతుంది. అదే అంచనా ప్రకారం పెరుగుదల 60 డిగ్రీలు. వేసవిలో గది ఉష్ణోగ్రతకు దీనిని కలిపితే అతుకు 100 డిగ్రీలకు చేరువవుతుంది. సాధారణ పీవీసీ తొడుగుకు అనుమతించిన నిరంతర ఉష్ణోగ్రత 70 డిగ్రీలే. తొడుగు మెత్తబడి, గట్టిపడి, పెళుసుబారడం ఈ దశలో మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే పీవీసీ నుంచి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ తేమతో కలిసి ఆమ్లమై అల్యూమినియాన్ని మరింత తింటుంది.

ఇక్కడ హోల్మ్ చూపిన మరో సంబంధం ఉపయోగపడుతుంది. తాకే చుక్క లోపలి గరిష్ఠ ఉష్ణోగ్రత చుక్క పరిమాణం మీద కాక, అతుకు అడ్డంగా ఉన్న వోల్టేజి మీద ఆధారపడి ఉంటుంది. పరమ ఉష్ణోగ్రతల్లో రాస్తే Tₘ² − T₀² = V²/(4L). ఇందులో L విలువ 2.45×10⁻⁸. అల్యూమినియం స్పర్శలో వోల్టేజి 0.1 వోల్టుకు చేరితే చుక్కలోని లోహం మెత్తబడుతుంది, 0.3 వోల్టు వద్ద కరుగుతుంది. 8.7 ఆంపియర్ల ప్రవాహానికి 0.1 వోల్టు అంటే 12 మిల్లీఓమ్‌ల లోపే. 0.3 వోల్టు అంటే సుమారు 34 మిల్లీఓమ్‌లు. అంటే మన అతుకు 20 మిల్లీఓమ్‌ల వద్దే మెత్తబడే హద్దు దాటింది.

మెత్తబడటంలో ఒక వింత ఉంది. మెత్తబడిన లోహం కాస్త పరచుకుని చుక్క పెద్దదవుతుంది, నిరోధం ఒక్కసారిగా తగ్గుతుంది. అతుకు తనకు తానే కుదుటపడినట్లు కనిపిస్తుంది. చల్లారాక ఆ చుక్క విరిగి, మళ్లీ పాత కథ మొదలవుతుంది. బల్బు మినుకుమనడం ఒక వారం కనిపించి, మరుసటి వారం మాయమై, నెల తర్వాత తిరిగి రావడానికి ఇది ముఖ్యకారణం. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే అంతా బాగానే ఉంటుంది.

చివరి దశలో నిరోధం అర ఓమ్‌కు చేరిందనుకోవచ్చు. గీజర్ నిరోధం 26.45 ఓమ్‌లు కనుక మొత్తం ప్రవాహం 8.7 నుంచి 8.5 ఆంపియర్లకు తగ్గుతుంది. అతుకు వద్ద కోల్పోయే వోల్టేజి 4.3. పుట్టే వేడి 36 వాట్లు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ సామర్థ్యం 25 వాట్లు. అంతకు మించిన సాధనం ఒకటి టేపు చుట్టుకుని, ఎండిన చెక్క పట్టీకి ఆనుకుని, గోడ మీద రోజూ అరగంట పనిచేస్తోందన్న మాట. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వేడెక్కుతాయి.

5. ఎంసీబీ ఎందుకు ఊరుకుంటుంది

ఎంసీబీ చూసేది ప్రవాహాన్ని మాత్రమే. ప్రవాహం హద్దు మీరితేనే అది తెగుతుంది. వదులు అతుకు సర్క్యూట్‌లో శ్రేణిలో ఉన్న అదనపు నిరోధం. కనుక పై ఉదాహరణలో చూసినట్లు ప్రవాహం పెరగదు సరికదా, కొద్దిగా తగ్గుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.5 ఆంపియర్లు సగం భారమే. ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన ప్రవాహం న్యూట్రల్‌లో తిరిగివస్తోందా అని పోల్చుతుంది. వదులు అతుకులో ప్రవాహం ఎక్కడికీ కారిపోదు కనుక అది కూడా కదలదు. తొడుగు కాలి తీగ గోడకో, మరో తీగకో తాకినప్పుడే ఈ రెండూ మేల్కొంటాయి. అప్పటికి నిప్పు అంటుకుని ఉండవచ్చు. చాపాన్ని గుర్తించే ఏఎఫ్‌డీడీ పరికరాలు ఈ లోటును కొంత పూరిస్తాయి. అయితే చాపం లేకుండా అతుకు ఎర్రగా కాగుతూ నిలకడగా మండే స్థితి కూడా ఉంటుంది. దానిని ఆ పరికరం పట్టుకుంటుందని భరోసా పెట్టుకోలేము.

'షార్ట్ సర్క్యూట్ వల్ల అగ్నిప్రమాదం' అన్న వార్తా వాక్యాన్ని ఈ కోణంలో మళ్లీ చదవవలసి ఉంది. దొరికిన షార్ట్ సర్క్యూట్ చాలాసార్లు మంట ఫలితమే కావచ్చు, కారణం కాకపోవచ్చు.

6. అమెరికా అనుభవం, ఒక జ్యూరీ సభ్యుని పరీక్ష

ఈ సమస్య మీద విస్తృతమైన అధ్యయనం అమెరికాలో జరిగింది. రాగి ధర పెరగడంతో 1965 ప్రాంతం నుంచి 1970ల తొలినాళ్ల వరకు అక్కడి ఇళ్లలో స్విచ్చులకు, సాకెట్లకు వెళ్లే చిన్న తీగలకు కూడా అల్యూమినియం వాడారు. వినియోగదారుల వస్తు భద్రతా సంఘం జరిపించిన సర్వే ఆధారంగా వెల్లడైన విషయం: 1972కు ముందు తయారైన అల్యూమినియం తీగలున్న ఇళ్లలో, రాగి తీగల ఇళ్లతో పోల్చితే, సాకెట్ల వద్ద ఒకటి లేదా అంతకు మించిన అతుకులు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం 55 రెట్లు ఎక్కువ. ఈ అంకెను తరచూ 'ఇల్లు తగలబడే అవకాశం 55 రెట్లు' అని తప్పుగా ఉదహరిస్తుంటారు. సర్వే కొలిచింది అతుకుల స్థితిని, మంటలను కాదు.

1977 మే 28న కెంటకీ రాష్ట్రం సౌత్‌గేట్‌లోని బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్‌లో అగ్నిప్రమాదం జరిగి 165 మంది మరణించారు. అల్యూమినియం వైరింగే కారణమంటూ బాధితులు తయారీ సంస్థల మీద దావా వేశారు. మొదటి విచారణలో జ్యూరీ తయారీదారుల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తర్వాత బయటపడిన సంగతి ఆసక్తికరం. జ్యూరీలోని ఒక సభ్యుడు విచారణ మధ్యలో తన ఇంటికి వెళ్లి, తన సొంత అల్యూమినియం వైరింగును విప్పి చూసి, అంతా బాగానే ఉందని తోటి సభ్యులకు చెప్పాడు. సాక్ష్యానికి వెలుపలి సమాచారం జ్యూరీ గదిలోకి వచ్చిందన్న కారణంతో అప్పీలు న్యాయస్థానం 1982లో కొత్త విచారణకు ఆదేశించింది. 1985 నాటి రెండవ విచారణలో తీర్పు బాధితుల పక్షాన వచ్చింది.

న్యాయపరమైన తప్పును పక్కన పెట్టినా, ఆ సభ్యుని తర్కంలో శాస్త్రీయమైన తప్పు ఉంది. అల్యూమినియం అతుకుల క్షయం ప్రతి అతుకులోనూ జరిగేది కాదు. ఒకే ఇంట్లో యాభై అతుకుల్లో నలభై తొమ్మిది జీవితకాలం నిలవవచ్చు. బిగింపులో చిన్న తేడా, భారంలో తేడా, చెమ్మ ఏదో ఒకదానిని చెడగొడుతుంది. 'మా ఇంట్లో నలభై ఏళ్లుగా అల్యూమినియమే, ఏమీ కాలేదు' అన్న మాట మన ప్రాంతంలోనూ వినిపిస్తుంది. అది నలభై తొమ్మిది అతుకుల గురించి నిజమే చెబుతుంది.

7. గుర్తించడం

ముందుగా తీగ ఏ లోహమో తేల్చుకోవాలి. ఇది అనుకున్నంత తేలిక కాదు. వెండిరంగులో ఉన్న ప్రతి పాత తీగా అల్యూమినియం కాదు. రబ్బరు తొడుగు కాలం నాటి రాగి తీగలకు తగరం పూత ఉండేది. రబ్బరులోని గంధకం రాగిని తినకుండా ఆ పూత కాపాడేది. విద్యుత్ సరఫరా పూర్తిగా తీసి, తీగ చివరను కత్తితో గీకితే లోపల ఎరుపు కనిపిస్తే అది రాగి. ఎంత గీకినా తెల్లగానే ఉంటే అల్యూమినియం. ఇందుకు విరుద్ధమైన మోసం కూడా మార్కెట్లో ఉంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే తీగలు చూపుకు ఎర్రగానే ఉంటాయి.

తర్వాతి ప్రశ్న అతుకు ఎలా ఉందన్నది. సాధారణంగా చేసే రెండు పరీక్షలు ఇక్కడ పనికిరావు. మెగ్గర్ పరీక్ష తొడుగు బలాన్ని కొలుస్తుంది, అతుకును కాదు. మల్టీమీటరు బీప్ శబ్దం మార్గం తెగిపోలేదని మాత్రమే చెబుతుంది. 20 మిల్లీఓమ్‌ల తేడా దాని తీగల నిరోధంలోనే కలిసిపోతుంది. పాత భవనానికి మెగ్గర్ పరీక్షలో నెగ్గిందన్న ధ్రువపత్రం ఉంటే అతుకుల విషయంలో దానికి విలువ లేదు.

అర్థవంతమైన కొలత భారం మీదే జరగాలి. గీజరు నడుస్తుండగా అతుకుకు అటూ ఇటూ మిల్లీవోల్టులు కొలిస్తే, మంచి అతుకు 10 మిల్లీవోల్టుల లోపే చూపుతుంది. 100 మిల్లీవోల్టులు కనిపిస్తే, పైన చెప్పిన 0.1 వోల్టు హద్దుకు అది చేరినట్లే. ఇది విద్యుత్ ఉన్న తీగల మీద చేసే పని కనుక శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్‌కే పరిమితం కావాలి.

థర్మల్ కెమెరా దూరం నుంచి అదే పని చేస్తుంది. అయితే రెండు చోట్ల పొరపడే వీలుంది. మెరిసే లోహం ఉద్గారత చాలా తక్కువ కనుక వేడి స్క్రూ కూడా కెమెరాకు చల్లగా కనిపిస్తుంది. స్క్రూను కాక, దానికి ఆనుకున్న తీగ తొడుగును చూడాలి. రెండవది, చిత్రం తీసిన వేళ భారం ఎంత అన్నది. సెలవురోజున 3 ఆంపియర్ల భారం మీద ఒక టెర్మినల్ పక్కదాని కంటే 6 డిగ్రీలు వేడిగా కనిపించిందనుకుంటే, నివేదికలో అది స్వల్పమైన తేడాగానే నమోదవుతుంది. 9 ఆంపియర్ల వద్ద వేడి ప్రవాహ వర్గంతో పెరిగి తొమ్మిది రెట్లవుతుంది, అనగా 54 డిగ్రీల వరకు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ చల్లబడటం కూడా పెరుగుతుంది కనుక వాస్తవ విలువ కొంత తగ్గినా, తీర్పు పూర్తిగా మారిపోతుంది. ఒకే భారం మోసే రెండు సమానమైన అతుకుల మధ్య 15 డిగ్రీలకు మించిన తేడాను తక్షణం సరిచేయవలసిన లోపంగా పరిశ్రమ ప్రమాణాలు పరిగణిస్తాయి.

పరికరాలు లేనిచోట ఇంద్రియాలే ఆధారం. గీజరు వేయగానే వసారా బల్బు మసకబారడం, స్విచ్ బోర్డు వద్ద కాలిన బేకలైట్ వాసన లేదా కుళ్లిన చేపను తలపించే వాసన, ప్లగ్గు తీశాక పిన్నుల్లో ఒకటే వేడిగా ఉండటం, స్విచ్ చుట్టూ గోధుమరంగు మరక. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ సర్క్యూట్‌ను అక్కడికక్కడే ఆపడం సరైన పని.

8. సరిచేయడం

సర్వోత్తమ మార్గం అల్యూమినియం తీగలను పూర్తిగా తొలగించి రాగి తీగలు వేయడమే. అన్ని భవనాల్లో ఇది ఒకేసారి సాధ్యం కాదు. అలాంటప్పుడు భారీ భారాలను ముందుగా విడదీయడం తెలివైన పద్ధతి. గీజర్లకు, ఎయిర్ కండిషనర్లకు మెయిన్ బోర్డు నుంచి అతుకు లేకుండా కొత్త రాగి తీగ లాగి, పాత అల్యూమినియం తీగకు బల్బులు, ఫ్యానులు మాత్రమే వదిలితే, పై లెక్కల్లోని I² తగ్గి అతుకుల వేడి గణనీయంగా పడిపోతుంది. ఒక ఆంపియరు వద్ద అదే 20 మిల్లీఓమ్‌ల అతుకులో పుట్టే వేడి 0.02 వాట్లే.

రెండు లోహాలూ కలవక తప్పని చోట మెలిపెట్టి టేపు చుట్టడం నిషేధంగా భావించాలి. పైన ప్లాస్టిక్ టోపీ తిప్పినా అంతే. అమెరికా సంఘం అలాంటి తిప్పుడు టోపీలను శాశ్వత మరమ్మతుగా అంగీకరించలేదు. పూర్తి రీవైరింగు కాక అది ఆమోదించినవి రెండే. ఒకటి ప్రత్యేక యంత్రంతో అతి బలంగా నొక్కే కోపాలమ్ క్రింప్, రెండవది అల్యుమికాన్ తరహా కనెక్టర్. రెండవ దానిలో రాగికి, అల్యూమినియానికి వేర్వేరు రంధ్రాలు, వేర్వేరు స్క్రూలు ఉంటాయి. రెండు లోహాలూ ఒకదానినొకటి తాకవు, మధ్యలో తగరం పూత గల దిమ్మె ప్రవాహాన్ని అందిస్తుంది. పెద్ద తీగలకు ఒక కొన అల్యూమినియం, మరో కొన రాగి గల బైమెటాలిక్ లగ్గులు ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

ఏ కనెక్టర్ వాడినా తీగ చివరను సిద్ధం చేసే విధానమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ముందు తీగను గీకి, తర్వాత గ్రీజు రాస్తే ప్రయోజనం తక్కువ, ఆ కొద్ది క్షణాల్లోనే ఆక్సైడ్ మళ్లీ కడుతుంది. ఆక్సీకరణ నిరోధక గ్రీజును ముందే రాసి, ఆ గ్రీజు లోపలే తీగబ్రష్‌తో గీకి, తుడవకుండా టెర్మినల్‌లో దూర్చాలి. తొడుగు తీసేటప్పుడు కత్తితో తీగ చుట్టూ గాటు పడకూడదు. గాటు పడిన అల్యూమినియం నాలుగైదు వంపులకే విరుగుతుంది. ఒక స్క్రూ కింద ఒక తీగనే పెట్టి, తయారీదారు చెప్పిన టార్క్ మేరకు ఒకేసారి బిగించాలి. పాత తీగ చివర పెళుసుబారి, నల్లబడి ఉంటే మెరిసే లోహం కనిపించే వరకు వెనక్కి కత్తిరించాలి. పాత బోర్డుల్లో తీగ పొడవు సాధారణంగా అంతకు చాలదు. అటువంటి చోట పొడుగు కలపడానికి మరో అతుకు వేయడం కంటే, ఆ ముక్క మేర తీగను పై కూడలి వరకు మార్చడమే మంచిది.